నోటు వెనక సంతకం పెట్టే ముందు ముందువైపు తేదీ చూడండి

(భద్రాచలం ఏజెన్సీ, ఖమ్మం సరిహద్దు మండలాల రైతులతో ప్రైవేటు అప్పులపై జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మేము గిట్టుబాటు ధర గురించి గానీ, రుణమాఫీ గురించి గానీ మాట్లాడబోవడం లేదు. పాత బాకీ కాగితం మీద రైతు పెట్టే ఒక్క సంతకం గురించే మాట్లాడతాం. ఆ సంతకం ఏ రోజు పెట్టారు, దాని పైన ఏమి రాసి ఉంది అన్న రెండు విషయాల మీదే ఆ బాకీ కోర్టులో నిలుస్తుందా లేదా అన్నది చాలాసార్లు తేలిపోతుంది.

ఇది ఇప్పుడే ఎందుకు చెప్పుకోవాలంటే, 2021-22 సీజన్‌లో నల్ల తామర పురుగు మన మిరప తోటలను ఊడ్చిపెట్టింది. పూతలోనే చేను ఎండిపోయింది. మందుల మీద మందులు కొట్టిన బాకీ మాత్రం మిగిలింది. ఆ ఎండాకాలంలో ఎంతోమంది ప్రోనోట్లు రాసిచ్చారు. ఆ నోట్లకు 2025 ఎండాకాలంతో మూడేళ్లు నిండాయి. 2023లో రాసినవాటికి 2026లో నిండుతాయి. మూడేళ్లు దగ్గరపడే సమయానికి అప్పిచ్చినవాళ్లు ఇంటికి వస్తారు. గట్టిగా అడగరు, గొడవ పడరు. "ఇప్పుడు ఇవ్వలేకపోతే పోనీ, ఓ ఐదువందలు ఇచ్చి నోటు వెనక చెల్లు రాసి సంతకం పెట్టు చాలు" అంటారు. మంచిగా మాట్లాడాడు కదా అని మనవాళ్లు సంతకం పెడతారు. ఆ ఐదువందల చెల్లు వెనక ఉన్న లెక్క ఏమిటో చూద్దాం.

మూడేళ్ల గడువు అంటే ఏమిటి

మన ఊళ్లలో "నోటు మురిగిపోయింది" అంటాం. కోర్టు భాషలో దాన్నే కాలదోషం పట్టడం అంటారు. దీనికి ఆధారం 1963 నాటి కాలపరిమితి చట్టం. వకీళ్లు లిమిటేషన్ చట్టం అంటారు. అది కేంద్ర చట్టం. పోలవరం ముంపు పేరుతో 2014లో ఆంధ్రలో కలిసిన చింతూరు, కూనవరం వైపు అయినా, మన దుమ్ముగూడెం, చర్ల వైపు అయినా సంవత్సరాల లెక్క ఒక్కటే.

మనం మామూలుగా రాసే ప్రోనోటులో "మీరు కోరినప్పుడు చెల్లిస్తాను" అని ఉంటుంది. అలాంటి నోటుకు రాసిన తేదీ నుంచి మూడేళ్ల లోపు దావా వేయాలి. అడిగిన రోజు నుంచి కాదు, రాసిన రోజు నుంచే లెక్క. కాగితం లేకుండా చేబదులుగా ఇచ్చిన డబ్బుకైనా ఇచ్చిన రోజు నుంచి మూడేళ్లే. విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు ఉద్దెరకు తెచ్చుకుంటే సరుకు ఇచ్చిన రోజు నుంచి మూడేళ్లు. పంట వచ్చాక ఇచ్చేటట్టు ముందే గడువు పెట్టుకొని ఉంటే, ఆ గడువు తీరినప్పటి నుంచి మూడేళ్లు.

నోటులోనే ఫలానా నెలకల్లా చెల్లిస్తామని గడువు రాసుకుంటే లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో 2023లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. నోటు 2012 నాటిది, చెక్కు 2017 నాటిది. పైకి చూస్తే ఐదేళ్లయింది కాబట్టి నోటు మురిగిందనిపిస్తుంది. కానీ తిరిగి చెల్లించడానికి 2016 డిసెంబర్ వరకు గడువు పెట్టుకున్నారు. అందుకని మూడేళ్లను అప్పటి నుంచే లెక్కపెట్టాలని కోర్టు అంది. కాబట్టి నోటు మీది తేదీ ఒక్కటే చూసి ధీమాగా ఉండొద్దు. లోపలి షరతు కూడా చదివించుకోవాలి.

కరోనా కాలం సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు ఉన్న రోజులను గడువులో లెక్కించవద్దని సుప్రీంకోర్టు ఆదేశించింది. అంతకుముందు రాసి, అప్పటికి ఇంకా గడువు మిగిలి ఉన్న నోట్లకు దాదాపు రెండేళ్లు అదనంగా కలిశాయి. 2022 మార్చి తర్వాత రాసిన నోట్లకు ఈ మినహాయింపు లేదు.

గడువు తీరాక బాకీ మాయమైపోతుందా? పోదు. కోర్టు ద్వారా వసూలు చేసుకునే దారి మూసుకుపోతుంది, అంతే. బాకీ బాకీగానే ఉంటుంది. గడువు తీరిన తర్వాత మనం ఇష్టపూర్వకంగా చెల్లిస్తే, మురిగిన నోటుకు కట్టాను, తిరిగి ఇప్పించండి అని అడగడానికి ఉండదు. బంగారం తాకట్టులో ఉంటే, మూడేళ్లు అయింది కాబట్టి డబ్బు కట్టకుండానే నగ ఇచ్చేయాలని అనడానికి కూడా వీలుండదు. భూమిని రిజిస్టర్డ్ తనఖా పెట్టి తెచ్చిన అప్పుకు గడువు మూడేళ్లు కాదు, పన్నెండేళ్లు. ఈ తేడాలు తెలియకుండా "మూడేళ్లయింది, ఇక భయం లేదు" అని చెప్పేవాళ్ల మాట వినకండి.

చెల్లు చేసే పని

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఆ చట్టంలోనే 18వ సెక్షన్ ఉంది. గడువు తీరకముందే బాకీదారు బాకీ ఉన్నానని రాతపూర్వకంగా ఒప్పుకొని సంతకం పెడితే, ఆ సంతకం పెట్టిన రోజు నుంచి మళ్లీ పూర్తి గడువు మొదలవుతుంది. దాని పక్కనే 19వ సెక్షన్ ఉంది. గడువు లోపల అసలులో గానీ వడ్డీలో గానీ కొంత చెల్లించి, ఆ చెల్లింపు బాకీదారు చేతిరాతతో ఉన్నా, అతని సంతకం ఉన్న కాగితం మీద ఉన్నా అప్పుడు కూడా అంతే. చెల్లించిన రోజు నుంచి కొత్తగా మూడేళ్లు. వేలిముద్ర వేసేవాళ్లకు వేలిముద్రే సంతకం. చెల్లించింది ఐదువందలా, యాభైవేలా అన్నదానితో చట్టానికి పని లేదు.

ఒక లెక్క వేసి చూద్దాం. ఒక మిరప రైతు 2022 జూన్ 10న లక్షా యాభైవేలకు నోటు రాసిచ్చాడనుకోండి. వడ్డీ నూటికి రెండు రూపాయలు, అంటే నెలకు మూడువేలు. దావా వేయడానికి 2025 జూన్ 10 ఆఖరి రోజు. ఆ రోజు కోర్టుకు సెలవైతే తెరిచిన రోజు వేయొచ్చు. ఎండాకాలం సెలవుల్లో గడువు తీరే నోట్లకు కూడా ఇది వర్తిస్తుంది. అప్పటికి 36 నెలల వడ్డీ లక్షా ఎనిమిదివేలు. మొత్తం రెండు లక్షల యాభై ఎనిమిదివేలు.

2025 మే 20న అప్పిచ్చినాయన వచ్చాడు. రైతు ఐదువందలు ఇచ్చి నోటు వెనక చెల్లు కింద సంతకం పెట్టాడు. ఇక ఆ నోటుకు 2028 మే 20 దాకా ప్రాణం ఉంటుంది. అప్పటికి మొత్తం 71 నెలల వడ్డీ రెండు లక్షల పదమూడువేలు అవుతుంది. అసలుతో కలిపితే మూడు లక్షల అరవై మూడువేలు. అందులో తగ్గేది ఆ రోజు ఇచ్చిన ఐదువందలు మాత్రమే. అంటే ఆ ఐదువందలతో రైతుకు కలిసొచ్చింది ఏమీ లేదు. అప్పిచ్చినాయనకు మూడేళ్లు కలిసొచ్చాయి.

చెల్లుకు బదులు నోటు తిరగరాయించుకుంటే ఇంకా బరువు. పాత నోటు చింపేసి, రెండు లక్షల యాభై ఎనిమిదివేలకు కొత్త నోటు రాయిస్తారు. అక్కడితో వడ్డీ కూడా అసలులో కలిసిపోతుంది. నెలకు మూడువేలు ఉన్న వడ్డీ ఐదువేల నూట అరవై అవుతుంది. మరో మూడేళ్లకు మొత్తం నాలుగు లక్షల నలభై మూడువేల ఏడువందల అరవై. రైతు చేతికి వచ్చింది మాత్రం మొదటి రోజు తీసుకున్న లక్షా యాభైవేలే. కొత్త నోటులో అసలు ఎంత, వడ్డీ ఎంత అని విడిగా ఉండదు. మొత్తం "రొక్కంగా తీసుకున్నాను" అని రాసి ఉంటుంది. తర్వాత కోర్టులో అది కాదని నిరూపించుకోవాల్సిన బరువు మన మీదే పడుతుంది.

అదే రైతు 2025 జూన్ 20న, అంటే గడువు తీరిన పది రోజులకు సంతకం పెట్టాడనుకోండి. ఇక్కడే అందరూ పొరబడతారు. గడువు తీరాక "బాకీ ఉన్న మాట నిజం" అని రాసిచ్చినా, ఐదువందల చెల్లు వేసినా 18, 19 సెక్షన్ల కింద ఆ నోటుకు మళ్లీ ప్రాణం రాదు. ప్రాణం ఉన్నప్పుడే ఆయువు పెంచవచ్చు, పోయాక పెంచలేరు. కానీ ఇంకో చట్టం ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 25వ సెక్షన్ మూడో అంశం. మురిగిపోయిన బాకీని అయినా పూర్తిగానో, కొంతో "చెల్లిస్తాను" అని కాగితం మీద రాసి సంతకం పెడితే అది కొత్త ఒప్పందం అవుతుంది. దాని మీద మళ్లీ దావా వేయొచ్చు. నోటు తిరగరాస్తే అందులో చెల్లిస్తానన్న మాట ఉంటుంది కాబట్టి మురిగిన బాకీ అలా కూడా లేచి కూర్చుంటుంది.

అందుకే గడువు తీరాక వచ్చే కాగితంలో ఒక్క మాట వెతకాలి. "బాకీ ఉన్నాను" అన్నది ఒక మాట. "బాకీ చెల్లిస్తాను" అన్నది వేరే మాట. గడువు లోపలైతే మొదటి మాటే చాలు, మూడేళ్లు తిరిగి మొదలవుతాయి. గడువు దాటాక రెండో మాట ఉంటేనే కొత్త బాధ్యత పుడుతుంది. తెలిసిన వడ్డీ వ్యాపారులు చెల్లు కింద "మిగతా బాకీ వడ్డీతో సహా చెల్లించగలను" అని ఒక వాక్యం ఊరికే కలపరు.

గడువు దాటాక వచ్చి "జూన్ 5 తేదీ వేసి సంతకం పెట్టు, ఏమవుతుంది" అనేవాళ్లు కూడా ఉంటారు. వెనక తేదీ వేస్తే చచ్చిన నోటును మన చేత్తోనే బతికించినట్టు. సంతకం పెట్టాల్సి వస్తే దాని కిందే మన చేతితో ఆ రోజు తేదీ వేయాలి. తేదీ లేని ఒప్పుకోలు కాగితం ఉంటే, అది ఎప్పుడు సంతకం చేశారో సాక్షులతో చెప్పించడానికి చట్టం ఒప్పుకుంటుంది. అప్పుడు ఆయన సాక్షులు చెప్పిందే తేదీ అయి కూర్చుంటుంది.

ఖాళీ నోటు మీద స్టాంపు అంటించి సంతకం చేసి ఇచ్చినవాళ్లకు ఈ లెక్కలు ఏవీ ఉపయోగపడవు. తేదీ, మొత్తం నింపుకొనే అవకాశం నోటు పట్టుకున్న మనిషి చేతిలో ఉంటుంది. నోటు మీద ఉన్న తేదీనే అసలు తేదీగా కోర్టు మొదట భావిస్తుంది. కాదని రుజువు చేయాల్సింది మనమే.

ఒప్పుకోలు ఎక్కడెక్కడ దాగి ఉంటుంది

ఒప్పుకోలు అంటే నోటు వెనక రాసిన చెల్లు ఒక్కటే అనుకోవద్దు. చట్టం ఈ మాటను చాలా విశాలంగా పెట్టింది. ఎంత బాకీ అని అంకె లేకపోయినా ఒప్పుకోలు అవుతుంది. "బాకీ ఉంది గానీ ఇప్పుడు ఇవ్వలేను" అన్నా అవుతుంది. "ఉంది గానీ ఇవ్వను" అని రాసినా అవుతుంది. "నా మిరప బస్తాల డబ్బు నీ దగ్గర ఉంది, అది తీసేసి లెక్క చెప్పు" అని రాసినా బాకీ ఉన్నట్టు ఒప్పుకున్నట్టే. ఇంకో ముఖ్యమైన సంగతి, ఆ రాత అప్పిచ్చినవాడికే రాసి ఉండాల్సిన పని లేదు. వేరేవాళ్లకు రాసినా చెల్లుతుంది.

మన దగ్గర పెద్దమనుషుల పంచాయతీలో కాగితం రాస్తారు. "ఫలానావారికి ఇంత బాకీ, రెండు పంటల్లో కడతాడు" అని రాసి అందరూ సంతకాలు పెడతారు. అందులో ఒప్పుకోలూ ఉంది, చెల్లిస్తానన్న మాటా ఉంది. గడువు లోపలైనా, దాటాకైనా ఆ కాగితం బలమైనది. అధికారులకు ఇచ్చే అర్జీలో "ఫలానా వ్యాపారికి రెండు లక్షలు బాకీ ఉన్నాను, ఆదుకోండి" అని పేరుతో రాసి సంతకం పెడితే అది కూడా ఒప్పుకోలుగా వాడుకోవడానికి వీలుంటుంది. అర్జీలు పెట్టొద్దని మేము అనడం లేదు. వేధింపు ఉంటే తప్పకుండా పెట్టాలి. అయితే అందులో బాకీ గురించిన వాక్యం ఎలా రాయాలో సంఘం దగ్గర చూపించుకొని రాయండి. వకీలు నోటీసు వస్తే కోపంతో జవాబు రాసి పంపొద్దు. ఆ జవాబులో ఒక్క వాక్యం చాలు.

మందుల షాపులో ఏడాదికోసారి ఖాతా పుస్తకం ముందుకు తోసి "లెక్క సరిచూసుకొని సంతకం పెట్టు" అంటారు. అప్పటికి గడువు తీరని పద్దులన్నిటికీ ఆ సంతకం ఒప్పుకోలు అవుతుంది. షాపాయన తన పుస్తకంలో తాను రాసుకున్న పద్దు మాత్రం మన సంతకం కాదు. మిరపకాయలు అమ్మినప్పుడు తక్‌పట్టీలో తనంతట తానే కోసుకున్న డబ్బు, మన చేతిరాతా సంతకమూ లేకపోతే, మామూలుగా 19వ సెక్షన్ కిందికి రాదు. ఒక జాగ్రత్త మాత్రం ఉండాలి. కమీషన్ వ్యాపారితో రెండువైపులా ఇచ్చిపుచ్చుకొనే ఖాతా నడుస్తుంటే, ఒక ఏడాది మనం బాకీ, ఇంకో ఏడాది ఆయన బాకీ అన్నట్టు ఉంటే, ఆ ఖాతాలో ఆఖరి పద్దు పడిన సంవత్సరం ముగిసినప్పటి నుంచి మూడేళ్లు లెక్కపెడతారు. అలాంటివారు సొంతంగా లెక్కలు వేసుకోకుండా తక్‌పట్టీలన్నీ తెచ్చి చూపించుకోవాలి.

అదే షాపులో పాత బాకీ, కొత్త బాకీ రెండూ ఉంటే డబ్బు కట్టేటప్పుడు "ఇది ఈ ఏడాది విత్తనాల బాకీకి" అని చెప్పి రసీదు మీద రాయించుకోండి. మనం చెప్పిన బాకీకే ఆయన జమ వేయాలి. ఏమీ చెప్పకుండా ఇస్తే, తనకు నచ్చిన బాకీకి, మురిగిపోయిన దానికి కూడా, జమ వేసుకొనే హక్కు కాంట్రాక్టు చట్టం ఆయనకు ఇచ్చింది. అలా జమ వేసుకుంటే ఈ ఏడాది బాకీ అలాగే నిలబడి ఉంటుంది.

ఇద్దరు కలిసి రాసిన నోటులో ఒకరు చెల్లు వేస్తే, ఆ ఒక్క కారణంతో రెండో వ్యక్తి మీద గడువు పెరగదు. అందుకే రెండో మనిషి సంతకం కోసం కూడా తిరుగుతారు. ఇక రైతు చనిపోయిన ఇంట్లో జరిగేది మనందరికీ తెలుసు. పదకొండో రోజు కూడా కాకముందే భార్య దగ్గరకో కొడుకు దగ్గరకో కొత్త నోటు వస్తుంది. చనిపోయినవారి బాకీకి వారసులు తమకు వచ్చిన ఆస్తి మేరకే బాధ్యులు. కొత్త నోటు మీద తమ పేరుతో సంతకం పెడితే అది వాళ్ల సొంత అప్పు అని దావా వేయడానికి దారి దొరుకుతుంది. ఆ ఇంటికి మన సంఘం సభ్యులు ముందు వెళ్లి చెప్పాల్సిన మాట ఒక్కటే. ఇప్పుడేమీ సంతకం పెట్టొద్దు, పాత నోటు నకలు అడగండి.

బ్యాంకుల దగ్గర

బ్యాంకు పంట రుణానికి కూడా ఈ గడువు ఉంది. అందుకే మూడేళ్లు కాకముందే రెన్యువల్ అనో, బాకీ ధ్రువీకరణ అనో కాగితాల మీద సంతకాలు తీసుకుంటారు. చట్టం దృష్టిలో అది ఒప్పుకోలే. అయినా బ్యాంకు రుణం విషయంలో రెన్యువల్ మానుకోమని మేము చెప్పం. రెన్యువల్ చేసుకోకపోతే వడ్డీ రాయితీ పోతుంది, మళ్లీ పంటకు అప్పు పుట్టదు. సంతకం పెట్టే ముందు అసలు ఎంత, వడ్డీ ఎంత రాశారో చూసుకొని, నకలు తెచ్చుకోండి. గడువు తీరిన బాకీని రెవెన్యూ రికవరీ చట్టం కింద, అంటే భూమిశిస్తు బకాయిలా వసూలు చేయొచ్చా అన్న ప్రశ్న కేరళ నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లింది. కోర్టులో దావా వేయలేని బాకీని ఆ దారిలో కూడా వసూలు చేయడానికి లేదని 1999లో తీర్పు వచ్చింది.

గడువు తీరింది, అయినా సమన్లు వచ్చాయి

కొంతమంది గడువు తీరిన నోటు మీద కూడా దావా వేస్తారు. రైతు కోర్టుకు రాడన్నది వాళ్ల ధైర్యం. గడువు తీరాక వేసిన దావాను, ఎదుటివాడు ఆ మాట ఎత్తకపోయినా కోర్టే కొట్టేయాలని 3వ సెక్షన్ చెబుతోంది. కానీ నోటు వెనక మనం వేయని చెల్లు ఉంటే? అది దొంగ సంతకం అని మనం వెళ్లి చెప్పకపోతే కోర్టుకు ఎలా తెలుస్తుంది? మనం హాజరు కాకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ వస్తుంది. డిక్రీ వచ్చిందంటే మూడేళ్ల మాట పోయింది. దాన్ని అమలు చేయించుకోవడానికి పన్నెండేళ్ల గడువు ఉంటుంది. కాబట్టి నోటు మురిగిందన్న ధీమాతో సమన్లు తీసి చూరులో పెట్టొద్దు. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయ సేవల సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు.

షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉన్న రైతులు ఇంకో ప్రశ్న కూడా వేయాలి. 1960 నాటి రెగ్యులేషన్ ప్రకారం ఏజెన్సీలో వడ్డీ వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలి. అప్పిచ్చినాయనకు అది ఉందా? తేదీ ఎంత ముఖ్యమో ఈ ప్రశ్న కూడా అంతే ముఖ్యం. పోడు పట్టాను అప్పు కింద తీసి పెట్టుకున్నవాళ్లు కూడా ఉన్నారు. అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన ఆ హక్కు వారసులకు వెళుతుంది గానీ అమ్మడానికి, బదిలీ చేయడానికి కుదరదు. పట్టా వాళ్ల పెట్టెలో ఉన్నంత మాత్రాన భూమి వాళ్లది కాదు.

మనకు రావలసిన బాకీకి కూడా ఇదే గడువు

ఇంతసేపూ మనం బాకీదారులుగానే మాట్లాడుకున్నాం. మనకు బాకీ పడ్డవాళ్లూ ఉన్నారు కదా. పత్తి తోలుకొని పోయి "వచ్చే వారం ఇస్తా" అన్న వ్యాపారి, మిరప బస్తాలు కోల్డ్ స్టోరేజీలో పెట్టించి సగం డబ్బు ఆపిన దళారి, వాళ్ల మీద కూడా ఇదే మూడేళ్లు నడుస్తాయి. సరుకు ఇచ్చిన రోజు నుంచి లెక్క. మాట మీద నమ్మకంతో నాలుగు సంక్రాంతులు తిరిగిన రైతు, ఐదో ఏడు కోర్టుకు పోతే కొట్టేస్తారు. అక్కడ కాలదోషం పట్టేది మన కష్టానికే.

అందుకని వడ్డీ వ్యాపారి దగ్గర నేర్చుకోవాల్సిన పని ఒకటి ఉంది. ఆయన మూడేళ్లు నిండకముందే వచ్చి మన సంతకం తీసుకుంటాడు. మనం కూడా అలాగే వెళ్లాలి. తక్‌పట్టీ, తూకం చీటీ దాచుకోవాలి. రెండేళ్లు దాటకముందే వ్యాపారి దగ్గర ఒక తెల్లకాగితం మీద "ఫలానా రోజు ఇన్ని క్వింటాళ్ల పత్తి తీసుకున్నాను, ఇంకా ఇంత ఇవ్వాలి, చెల్లిస్తాను" అని రాయించి, తేదీతో సంతకం పెట్టించుకోవాలి. కొంత డబ్బు ఇస్తే రసీదు మీద ఆయన సంతకం కూడా తీసుకోవాలి. ఈ చట్టం అప్పిచ్చినవాడి పక్షమూ కాదు, తీసుకున్నవాడి పక్షమూ కాదు. తేదీ ఎవరు గుర్తుపెట్టుకుంటే వాళ్లకు పనికొస్తుంది.

సంఘం చెప్పేది బాకీ ఎగ్గొట్టమని కాదు. ఇచ్చినవాళ్లలో మన చుట్టాలూ ఉన్నారు, కష్టానికి నిలబడ్డవాళ్లూ ఉన్నారు. వాళ్లకు ఇవ్వాలనుకుంటే ఇవ్వండి. ఇచ్చిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి, మొత్తం తీరిపోతే నోటు వెనక్కి తీసుకొని చింపేయండి. ఇవ్వడం ఒకటి, తెలియక ఇంకో మూడేళ్లకు రాసివ్వడం ఒకటి. ఆ రెండూ ఒకటి కాదని మాత్రమే మేము చెబుతున్నాం.

కాబట్టి మీ ఇంటికి వెళ్లాక ఒక పని చేయండి. ఎవరెవరికి నోటు రాసిచ్చారో, ఏ తేదీన రాశారో, వెనక ఎప్పుడు చెల్లు పడిందో ఒక పుస్తకంలో రాసుకోండి. మీకు రావలసినవి పక్క పేజీలో రాయండి. ఎవరైనా చెల్లు కోసం వస్తే "నోటు ముందువైపు, వెనకవైపు ఫోటో తీసుకుంటాను, రెండు రోజుల్లో చెబుతాను" అనండి. నిజమైన బాకీ అయితే రెండు రోజులు ఆగుతారు. ఆ ఫోటో తీసుకొని మండల కమిటీ దగ్గరికి రండి. తేదీలు కలిసి చూద్దాం, ఆ తర్వాత సంతకం పెట్టాలో వద్దో మీరే నిర్ణయించుకోండి.